తెలుగులో ద్విరుక్తి : రూపభేదం – అర్థభేదం (నడిగడ్డ నేత వ్యవహారం ఆధారంగా ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం

ఒక పదాన్ని రెండుసార్లు పలికి కొత్త పదాన్ని నిర్మించే పద్ధతి తెలుగులో విస్తారంగా ఉంది. దీనికి ఆధిక్యం, బహుత్వం, పరిహాసం అనే అర్థాలున్నాయని వ్యాకరణాలు, పాఠ్యగ్రంథాలు చెబుతాయి. అయితే ఏ ప్రయోగంలో ఏ అర్థం వస్తుందో నిర్ణయించేది ఏమిటన్న ప్రశ్నను అవి తరచుగా సందర్భానికే వదిలివేస్తాయి. పదం ఏ రూపంలో రెట్టించబడిందన్నదే ప్రధాన నిర్ణాయకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పదాన్ని యథాతథంగా రెట్టిస్తే అర్థం విస్తరిస్తుంది, కుదించి రెట్టిస్తే ఒక బిందువు వద్ద బిగుస్తుంది, తొలి అక్షరాన్ని మార్చి రెట్టిస్తే సడలుతుంది. ఈ ప్రతిపాదనకు లొంగని గుణవాచకాలను కూడా వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆమ్రేడితం, ద్విరుక్తి, ద్విరుక్తటకారం, విభాగార్థం, ప్రతిధ్వని పదం, నడిగడ్డ, రాజోలి.

1. ఉపోద్ఘాతం

రెట్టించిన పదంలో రెండవ భాగాన్ని ఆమ్రేడితం అనడం పాణిని నాటి నుంచి వస్తున్న సంప్రదాయం. తెలుగు వ్యాకర్తలు ఆ సంజ్ఞను స్వీకరించారు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఆమ్రేడితాన్ని ప్రధానంగా సంధి పరిచ్ఛేదంలో చర్చించింది. ఔర, ఔర కలిసి ‘ఔరౌర’ కావడం ఒక సూత్రానికి, కడ, కడ కలిసి ‘కట్టకడ’ కావడం మరొక సూత్రానికి విషయమయ్యాయి. ఈ ఏర్పాటు వల్ల వర్ణాల మార్పు స్పష్టంగా తెలుస్తుంది. కానీ రెండు సంధులలోనూ పదం రెట్టించబడింది కనుక రెండింటి అర్థమూ ఒకటే కాబోలునన్న అభిప్రాయం విద్యార్థులలో కలుగుతుంది.

ఆధునిక భాషాశాస్త్రంలో ఈ విషయంపై చెప్పుకోదగిన కృషి జరిగింది. భారతదేశాన్ని ఒక భాషాప్రాంతంగా నిరూపిస్తూ ఎమెనో 1956లో ప్రకటించిన వ్యాసం ప్రతిధ్వని పదాలను ఈ దేశభాషల ఉమ్మడి లక్షణాలలో ఒకటిగా చూపింది. పేరి భాస్కరరావు తెలుగు ద్విరుక్తి, ధ్వన్యనుకరణ పదాల మీద రచించిన గ్రంథాన్ని పుణెలోని దక్కన్ కళాశాల 1977లో ప్రచురించింది. అన్వితా అబ్బి 1992లో దక్షిణాసియా భాషల ద్విరుక్తిని కలిపి పరిశీలించారు. ఈ కృషి నేపథ్యంలో ప్రస్తుత వ్యాసం రూపానికీ అర్థానికీ గల సంబంధానికి పరిమితమవుతుంది.

పరిశీలనకు జోగులాంబ గద్వాల జిల్లాలోని రాజోలి పరిసరాల నేత వ్యవహారాన్ని నేపథ్యంగా తీసుకోవడమైనది. రాజోలి తుంగభద్ర ఒడ్డున ఉన్న చేనేత ఊరు. నూలు ఒళ్ళు, పట్టు అంచు, పట్టు కొంగు గల గద్వాల చీరలకు ఈ ప్రాంతం ప్రసిద్ధం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నందున ఈ భూభాగానికి నడిగడ్డ అని పేరు. పడమట కన్నడం, ఊళ్ళలో దక్కనీ ఉర్దూ వినిపించే ఈ సరిహద్దు ప్రాంతం ద్విరుక్తి పరిశీలనకు అనువైనది. నేతలో లెక్క, నాణ్యం, బేరం మూడూ ఉంటాయి కనుక ద్విరుక్తికి గల మూడు అర్థాలకూ అక్కడ సహజమైన సందర్భాలు దొరుకుతాయి. ఈ వ్యాసంలోని వాక్యాలు ఆ సందర్భాలను దృష్టిలో ఉంచుకొని కూర్చినవి, సేకరించిన పాఠాలు కావు. నక్షత్ర గుర్తు గల రూపం వ్యవహారంలో చెల్లదని గ్రహించాలి.

2. ఒకే పదం, రెండు రెట్టింపులు

రూపమే అర్థాన్ని నిర్ణయిస్తుందనడానికి బలమైన ఆధారం ఒకే పదం రెండు విధాలుగా రెట్టించబడే చోట లభిస్తుంది. ‘మొదట’ అనే పదానికి ‘మొదట మొదట’ అనీ, ‘మొట్టమొదట’ అనీ రెండు రూపాలున్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు రాజోలి మునిగింది. ఆ వరద హెచ్చరికను గురించి ఒక వ్యక్తి ఈ రెండు వాక్యాలలో ఏదైనా పలకవచ్చునని అనుకొందాం.

(1) మొదట మొదట ఎవరూ నమ్మలేదు.
(2) మొట్టమొదట నమ్మింది ఆ ముసలాయనే.

మొదటి వాక్యంలో ‘మొదట మొదట’ అన్నది ఒక కాలఖండం. హెచ్చరిక వచ్చిన తొలి గంటలలో, అనేక క్షణాలలో, అనేకులకు నమ్మకం కలగలేదని అర్థం. రెండవ వాక్యంలో ‘మొట్టమొదట’ ఒకే ఒక బిందువు. దానికి ముందు మరొకటి లేదు. ఈ రెండింటినీ తారుమారు చేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ‘మొదట మొదట నమ్మింది ఆ ముసలాయనే’ అంటే తొలిరోజుల్లో ఆయన నమ్మేవాడు, తరువాత నమ్మలేదు అనే సూచన వస్తుంది. వరుసలో ఆయన మొదటివాడు అనే అర్థం పోతుంది.

‘చివర’ అనే పదం కూడా ఇలాగే నడుస్తుంది. ‘చివర చివరలో నూలు సరిపోలేదు’ అంటే చీర ముగింపు దశకు వచ్చిన కొద్దీ కొరత పడిందని అర్థం. ‘చిట్టచివర నూలు సరిపోలేదు’ అంటే ముగింపు ఘట్టంలో మాత్రమే కొరత పడింది. మూలపదం ఒకటే, రెట్టించడమూ సమానమే. మారినది మొదటి ప్రతి రూపం మాత్రమే. పదం పూర్తిగా నిలిచినప్పుడు అర్థం పరుచుకొన్నది, తొలి అక్షరం మాత్రమే మిగిలి దానిపై ద్విరుక్తటకారం చేరినప్పుడు అర్థం బిగుసుకొన్నది.

3. కుదించిన ద్విరుక్తి : ఆధిక్యం

ద్విరుక్తటకార రూపం ఏర్పడే క్రమాన్ని చిన్నయసూరి నిర్దుష్టంగా చెప్పాడు. రెట్టించిన పదాలలో మొదటిదానిలోని తొలి అచ్చును నిలిపి, దాని తరువాతి వర్ణాలన్నింటి స్థానంలో ‘ట్ట’ను ఉంచాలి. చివర + చివర అన్నచోట మొదటి పదంలో ‘చి’ మాత్రమే మిగిలి, ‘వర’ పోయి, ‘చిట్ట’ ఏర్పడుతుంది. కట్టకడ, తుట్టతుద, నట్టనడుమ, బట్టబయలు, పట్టపగలు అన్నీ ఈ విధంగా ఏర్పడినవే. ఎదురు అనే పదం అచ్చుతో మొదలవుతుంది కనుక అక్కడ ‘ఎట్ట’ మీద సంధి కలిసి ‘ఎట్టెదురు’ అవుతుంది.

ఈ పదాలను ఒకచోట చేర్చి చూస్తే ఒక సామాన్య లక్షణం కనబడుతుంది. ఇవన్నీ స్థలంలోనో కాలంలోనో ఒక హద్దును, కేంద్రాన్ని, లేదా మరుగు లేని స్థితిని చెప్పేవి. మొదలు, చివర, తుద, కడ అనేవి హద్దులు, నడుమ కేంద్రం, ఎదురు, బయలు, పగలు దాపరికం లేని చోట్లు. ‘పెద్ద’, ‘కొత్త’ వంటి తరతమ భేదం గల గుణాలు ఈ జాబితాలో లేవు. *కొట్టకొత్త అనే రూపం లేదు, ఆ అవసరానికి ‘సరికొత్త’ ఉంది. కనుక ఇక్కడి ఆధిక్యం ‘ఎక్కువ’ అనే అర్థంలో ఆధిక్యం కాదు. హద్దుకు కచ్చితత్వం కల్పించే ఆధిక్యం. అందుచేతనే ‘చాలా పెద్ద’ అనగలిగినట్లు *‘చాలా చిట్టచివర’ అనలేము. బిందువుకు తరతమాలుండవు.

ఇక్కడ పరిశోధకులు జాగ్రత్త వహించవలసిన చోటు ఒకటి ఉంది. ‘ట్ట’ కనబడిన ప్రతి పదమూ ద్విరుక్తి కాదు. నడిగడ్డ అనే పేరులోని ‘నడి’కి బంధువులైన రెండు పదాలను పోల్చవచ్చు. ‘నట్టనడుమ’ ద్విరుక్తి. ‘నట్టిల్లు’, ‘నట్టేరు’ అన్నవి ద్విరుక్తులు కావు. అవి ‘నడు’ అనే పదం ఇల్లు, ఏరు అనే పదాలతో సమసించగా ఏర్పడినవి. వాటిలోని ‘ట్ట’ మూలంలోని డకారం నుంచే వచ్చింది. గుర్తుపట్టే మార్గం సులభం. ‘ట్ట’ తరువాతి భాగాన్ని విడదీసినప్పుడు మొదటి అక్షరం మళ్ళీ వినబడితే ద్విరుక్తి. ‘నట్ట–నడుమ’లో నకారం మళ్ళీ వస్తుంది, ‘నట్ట్–ఇల్లు’లో రాదు. అర్థం కూడా ఇందుకు తోడ్పడుతుంది. నట్టిల్లు అంటే ఇంటి నడిమి భాగం, ఇంటికి ఆధిక్యం కాదు.

ఈ పద్ధతి నేడు కొత్త పదాలను కల్పించడం లేదు. ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘లాస్ట్’, ‘స్టార్టింగ్’ నిత్యవ్యవహారంలో ఉన్నా వాటికి టకార రూపం ఏర్పడలేదు. ‘స్టార్టింగ్ స్టార్టింగ్‌లో ఇబ్బంది పడ్డాం’ అనే సంపూర్ణ ద్విరుక్తి మాత్రం సహజంగా వినబడుతుంది. దాని అర్థం ‘మొదట మొదట’ అనే. అంటే ఎరువుమాట కూడా సంపూర్ణ ద్విరుక్తిలోకి ప్రవేశించగానే విస్తరణార్థాన్నే గ్రహించింది.

4. సంపూర్ణ ద్విరుక్తి : బహుత్వం, దాని లెక్క

సంపూర్ణ ద్విరుక్తి బహుత్వాన్ని ఇస్తుందనడం నిజమే కానీ, ఆ బహుత్వం ‘లు’ ప్రత్యయం ఇచ్చే బహువచనం వంటిది కాదు. సంఖ్యావాచకాలలో ఈ భేదం స్పష్టమవుతుంది.

(3) ముగ్గురు నేతగాళ్ళు రెండు చీరలు ఇచ్చారు.
(4) ముగ్గురు నేతగాళ్ళు రెండు రెండు చీరలు ఇచ్చారు.

మూడవ వాక్యం వినగానే మొత్తం చీరలు రెండేనని తోస్తుంది. నాలుగవ వాక్యంలో ‘రెండు’ అన్నది మొత్తం కాదు, ఒక్కొక్క వాటా పరిమాణం. మొత్తం ఎంతో తెలియాలంటే ఆ వాటా దేనికి చెందినదో తెలియాలి. తెలుగు ద్విరుక్త సంఖ్యావాచకాలపై రాహుల్ బాలుసు 2006లో చేసిన విశ్లేషణ ఈ వాటాలు మనుషులను బట్టి గానీ, కాలాన్ని బట్టి గానీ, స్థలాన్ని బట్టి గానీ ఏర్పడగలవని చూపింది. ఆ దృష్టితో నాలుగవ వాక్యాన్ని లెక్కించి చూడవచ్చు.

వాటా మనుషులను బట్టి అయితే ఒక్కొక్క నేతగాడు రెండు చీరలు ఇచ్చాడు. మొత్తం 6. వాటా కాలాన్ని బట్టి అయితే ముగ్గురూ కలిసి వారానికి రెండు చీరలు ఇచ్చారు. నాలుగు వారాలకు మొత్తం 8. వాటా స్థలాన్ని బట్టి అయితే ముగ్గురూ కలిసి ఒక్కొక్క దుకాణానికి రెండు చీరలు ఇచ్చారు. ఐదు దుకాణాలకు మొత్తం 10. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు, లెక్క మాత్రం మూడు విధాలయింది. కూలి, సరుకు ఇచ్చిపుచ్చుకొనే మాటలలో ఇటువంటి వాక్యం వచ్చినప్పుడు వివాదానికి తావుండటం సహజం. ఆ మాటలను వ్రాతలోకి ఎక్కించేవారు, అనువదించేవారు ఏ వాటా ఉద్దేశించబడిందో అడిగి తెలుసుకోక తప్పదు.

ఈ మూడు అర్థాలను వేరుచేసే సాధనాలు భాషలోనే ఉన్నాయి. ‘రెండు రెండు’ స్థానంలో ‘తలా రెండు’ ఉంచితే మనుషుల వాటా మాత్రమే మిగులుతుంది. ‘వారం వారం’ చేరిస్తే కాలం వాటా ముందుకు వస్తుంది. ‘దుకాణానికి రెండు’ అంటే స్థలం వాటా స్థిరపడుతుంది. ‘రెండేసి’ అనే రూపం మాత్రం ‘రెండు రెండు’ వలెనే మూడింటికీ అవకాశమిస్తుంది. కర్తను ఏకవచనం చేయడం మరొక పరీక్ష. ‘ఆ నేతగాడు రెండు రెండు చీరలు ఇచ్చాడు’ అన్నప్పుడు పంచడానికి మనుషులు లేరు కనుక కాలమో స్థలమో మాత్రమే మిగులుతాయి. ఆ రెండింటినీ తొలగిస్తే వాక్యమే నిలవదు.

(5) *ఆ నేతగాడు నిన్న ఒకేసారి ఒకే దుకాణానికి రెండు రెండు చీరలు ఇచ్చాడు.

అయిదవ వాక్యం చెల్లకపోవడమే సంపూర్ణ ద్విరుక్తి స్వభావాన్ని తేటపరుస్తుంది. పంచడానికి ఏదో ఒకటి అనేకంగా ఉండాలి. ఏదీ అనేకం కానప్పుడు రెట్టింపుకు పని లేదు. కాబట్టి దీనిని బహువచనార్థం అనడం కంటె విభాగార్థం అనడం సముచితం.

క్రియల విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ‘నేసి చేతులు నొచ్చాయి’ అనే వాక్యం అసంపూర్తిగా తోస్తుంది. ‘నేసి నేసి చేతులు నొచ్చాయి’ అంటే నేత అనే పని అనేక పర్యాయాలకు, దీర్ఘకాలానికి పరుచుకొన్నదని తెలుస్తుంది. ‘నేస్తూ నేస్తూ ఆగాడు’ అన్నప్పుడు సాగుతున్న పని నడుమ ఆగడం స్ఫురిస్తుంది. ఇక్కడ పంచబడినవి వస్తువులు కావు, ఘడియలు.

5. గుణవాచకాలు : సూత్రానికి పరీక్ష

ఇంతవరకు చెప్పిన దానికి ‘వేడివేడి చాయ్’ వంటి ప్రయోగం ఆక్షేపణగా కనబడుతుంది. ఇది సంపూర్ణ ద్విరుక్తి, అయినా అర్థం బహుత్వం కాదు, ఆధిక్యం. కనుక గుణవాచకాలను వేరుగా పరిశీలించాలి.

‘పెద్ద పెద్ద మగ్గాలు’ అనడం సహజం, *‘పెద్ద పెద్ద మగ్గం’ అనడం అసహజం. విశేష్యం లెక్కపెట్టగలిగినదై ఉన్నప్పుడు గుణవాచకం విభాగార్థాన్నే పాటిస్తుంది. మగ్గాలలో ప్రతి ఒక్కటీ పెద్దదని దాని భావం. ‘కొత్త కొత్త నమూనాలు’, ‘చిన్న చిన్న బుటాలు’ కూడా ఇటువంటివే. వీటిలో ఆధిక్యం ఉన్నట్లు తోచినా అది వస్తువులు పలుమార్లు కనబడటం వల్ల కలిగే భావనే తప్ప, ఒక్కొక్క వస్తువు గుణంలోని హెచ్చుదల కాదు.

‘వేడివేడి చాయ్’లో చాయ్ లెక్కపెట్టే వస్తువు కాదు. పంచడానికి వస్తువులు లేనప్పుడు రెట్టింపు ఆ గుణాన్నే వస్తువంతటా పరుస్తుంది. చాయ్ ఎక్కడ ముట్టుకొన్నా, ఎప్పుడు గుక్క వేసినా వేడిగానే ఉంటుంది. అటువంటి సర్వవ్యాప్తినే వక్త ఆధిక్యంగా గ్రహిస్తాడు. ఇంకొక మార్గం ‘ని’ ప్రత్యయం. ‘ఎర్ర ఎర్ర అంచులు’ అన్నచోట బహువచనం కావాలి, ‘ఎర్రెర్రని అంచు’ అన్నచోట ఏకవచనం చాలు. ‘ని’ చేరగానే గుణం ఒకే వస్తువు మీద నిలుస్తుంది, ఆ వస్తువు నిండా పరుచుకొంటుంది. ‘సన్నసన్నని పోగు’, ‘చల్లచల్లని నీళ్ళు’ ఇందుకు ఉదాహరణలు.

‘గా’ ప్రత్యయం చేరినప్పుడు పరిస్థితి మళ్ళీ మారుతుంది. ‘నూలు తడిగా ఉంది’ అంటే తడిసింది. ‘నూలు తడితడిగా ఉంది’ అంటే పూర్తిగా ఆరలేదు, అక్కడక్కడ చెమ్మ తగులుతున్నది. ‘పుల్లపుల్లగా’, ‘చేదుచేదుగా’, ‘కొత్తకొత్తగా’ కూడా గుణాన్ని పెంచకుండా, దాని ఛాయను మాత్రమే చెబుతాయి. రెట్టింపు ఎప్పుడూ తీవ్రతనే ఇస్తుందనే అభిప్రాయానికి ఇది చక్కని ప్రత్యుదాహరణ. గుణం వస్తువులో చోటుచోటునా కొద్దికొద్దిగా చెదిరి ఉందన్న భావమే ఇక్కడ న్యూనతగా పరిణమించింది. సర్వత్రా పరిస్తే ఆధిక్యం, చెదురుమదురుగా పరిస్తే న్యూనత. రెండింటికీ మూలం విస్తరణే. అయితే ‘గా’ రూపాలన్నీ ఒకే తీరున లేవు. ‘భయంభయంగా చూశాడు’ అన్నప్పుడు న్యూనత కంటె భయం ఎడతెగకపోవడమే ప్రధానం. మనఃస్థితిని చెప్పే నామాలకూ ఇంద్రియానుభవాన్ని చెప్పే గుణాలకూ ఈ విషయంలో తేడా ఉందని గుర్తించాలి.

6. మార్చిన ద్విరుక్తి : ప్రతిధ్వని పదాలు

మూడవ పద్ధతిలో మొదటి ప్రతి చెక్కుచెదరదు, రెండవ ప్రతి మారుతుంది. తొలి అక్షరం తొలగి ‘గి’ వస్తుంది. తొలి అచ్చు దీర్ఘమైతే ‘గీ’ వస్తుంది. మగ్గం – గిగ్గం, చీర – గీర, నూలు – గీలు. పదం అచ్చుతో మొదలైనా ఇదే విధి: అంచు – గించు, ఆట – గీట. తొలి అక్షరం సంయుక్తమైతే మొత్తం తొలగుతుంది: ప్రేమ – గీమ. మూలంలోని హ్రస్వదీర్ఘ భేదం నిలుస్తుంది, అచ్చు గుణం మాత్రం పోయి అన్నీ ఇకార ఈకారాలే అవుతాయి.

మూలపదమే ‘గి’తో మొదలైతే ఈ విధి చిక్కులో పడుతుంది. బేరసారాలలో తరచు వినబడే ‘గిరాకి’ అనే మాటకు ప్రతిధ్వని కల్పిస్తే ‘గిరాకి గిరాకి’ అవుతుంది. అది వట్టి పునరుక్తిగా వినబడుతుంది కనుక, ‘వగైరా’ వంటి మరొక మాటతో వక్తలు పని గడుపుకొంటారు. విధి పనిచేయని ఈ చోటే విధి ఉన్నదనడానికి నిదర్శనం. రెండు ప్రతుల మధ్య తేడా వినబడితేనే ప్రతిధ్వని అర్థం వస్తుంది.

ఆ అర్థాన్ని ఈ వాక్యాలలో గమనించవచ్చు.

(6) పండుగకు చీర గీర కొన్నావా?
(7) *నిన్న చూపించిన ఆ చీర గీర కొన్నాను.
(8) మగ్గమూ లేదు గిగ్గమూ లేదు, అంతా కట్టుకథ.

ఆరవ వాక్యంలో ‘చీర గీర’ అంటే చీర గానీ, అటువంటి మరొకటి గానీ. ఆ సమూహంలో ఏముందో వక్త నిర్దేశించడు. నిర్దేశించని చోటనే ఈ పదం చెల్లుతుంది కాబట్టి ప్రశ్న, షరతు, నిషేధం, వ్యతిరేకం దీనికి అనువైన వాక్యాలు. ‘వర్షం గిర్షం వస్తే నూలు లోపల పెట్టు’ అన్నది షరతు. ఏడవ వాక్యంలో ‘ఆ’ అనే నిర్దేశకం వస్తువును ఖాయం చేసింది కనుక ప్రతిధ్వనికి చోటు లేకపోయింది. ‘ఏదో చీర గీర కొన్నాను’ అని అనిర్దిష్టం చేస్తే మళ్ళీ కుదురుతుంది. నిర్దేశక పరీక్ష ప్రతిధ్వని పదాన్ని గుర్తించడానికి నమ్మదగిన సాధనం.

ఎనిమిదవ వాక్యంలో రెండు భాగాలూ విడిపోయి, దేనికది సముచ్చయార్థాన్ని, క్రియను గ్రహించాయి. విభక్తులు కూడా ఇలాగే రెండింటికీ చేరగలవు: ‘చీరకూ గీరకూ’. అయినా ‘గిగ్గం’ ఎంత దూరం జరిగినా ‘మగ్గం’ లేకుండా ఒంటరిగా నిలవదు. పరిహాసం ఇక్కడ తలెత్తుతుంది. ‘మగ్గం, దానివంటివి’ అనే సడలింపు వ్యతిరేక వాక్యంలో ‘మగ్గం అనే మాటకే విలువ లేదు’ అనే తిరస్కారమవుతుంది. వస్తువును దాని వంటి అనామక వస్తువుల గుంపులో కలిపివేయడమే ఈ చులకనకు మూలం. మనిషి పేరుకు ప్రతిధ్వని చేరిస్తే అది మరింత పదునెక్కుతుంది. ‘రామయ్య గీమయ్య ఎవరొచ్చినా ఇంతే’ అన్న మాట రామయ్య ఎదుట అనదగినది కాదు. చనువు గలవారి మధ్య హాస్యం, పెద్దల విషయంలో అమర్యాద. పేరు ఒక్క వ్యక్తిని నిర్దేశించేది కాగా ప్రతిధ్వని ఆ నిర్దేశాన్ని చెరపడమే అందుకు కారణం.

నడిగడ్డ వంటి సరిహద్దు ప్రాంతంలో ఈ పద్ధతికి మరొక విశేషముంది. పొరుగున ఉన్న కన్నడంలోనూ ప్రతిధ్వని ‘గి’తోనే వస్తుంది: మనె గినె. తమిళంలో ‘కి’ ఉంటుంది. హిందీలో సాధారణంగా వకారం వస్తుంది: చాయ్ వాయ్. తెలుగువారు చాయ్ అనే మాటను గ్రహించినా, దాని ప్రతిధ్వనిని గ్రహించక ‘చాయ్ గీయ్’ అన్నారు. లోన్ గీన్, సబ్సిడీ గిబ్సిడీ అనేవీ ఇలాగే పుట్టినవి. టకార పద్ధతి ఘనీభవించిన పదాలకు పరిమితం కాగా ‘గి’ పద్ధతి నేడు వినవచ్చిన మాటకు నేడే పనిచేస్తున్నది.

7. ధ్వన్యనుకరణతో హద్దు

మగ్గం ‘టకటక’ మంటుంది, మువ్వలు ‘గలగల’లాడుతాయి. చూపులకు ఇవీ ద్విరుక్తులే. అయితే ఇక్కడ రెట్టించబడే ఏకభాగానికి ఆ అర్థంలో పదంగా స్వతంత్ర వ్యవహారం లేదు. ‘మువ్వలు గల అన్నాయి’ అనము. ‘రెండు’ అనే పదం ముందు ఉండి ‘రెండు రెండు’ ఏర్పడినట్లు ‘గల’ ముందు ఉండి ‘గలగల’ ఏర్పడలేదు. ఆ పదం పుట్టుకతోనే జంట. కాబట్టి మూలపదార్థంతో పోల్చి అర్థభేదాన్ని నిర్ణయించే పై పరీక్షలు వీటికి వర్తించవు. పదసేకరణలో వీటిని వేరు వర్గంగా ఉంచడం మేలు.

8. ముగింపు

ఆధిక్యం, బహుత్వం, పరిహాసం అనేవి ద్విరుక్తికి యాదృచ్ఛికంగా అంటిన మూడు అర్థాలు కావు. పదం యథాతథంగా రెట్టించబడితే అర్థం మనుషుల మీదనో, కాలం మీదనో, స్థలం మీదనో, వస్తువు నిండానో పరుచుకొంటుంది. మొదటి ప్రతి కుదించబడితే అర్థం హద్దు వద్ద బిగుస్తుంది. రెండవ ప్రతి మార్చబడితే అర్థం నిర్దిష్టతను కోల్పోయి ‘ఇత్యాది’గానూ, అక్కడినుంచి చులకనగానూ సడలుతుంది. గుణవాచకాలలో కనబడే ఆధిక్యం, న్యూనత కూడా విస్తరణకు రెండు పరిణామాలుగా వివరించదగినవే. మనఃస్థితి నామాలు మాత్రం ఇంకా నిశితమైన పరిశీలనను కోరుతున్నాయి.

వృత్తి పదాల సేకరణకు ఈ వింగడింపు వల్ల ప్రత్యక్ష ప్రయోజనముంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో వెలువడిన చేనేత మాండలిక వృత్తిపదకోశం వంటి కోశాలు పదాలను ఆరోపాలుగా నమోదు చేస్తాయి. ‘గిగ్గం’ ఆరోపం కాజాలదు, ‘రెండు రెండు’కు వాక్యం లేకుండా అర్థం లేదు. ద్విరుక్తిని నమోదు చేసే పరిశోధకుడు పదంతోపాటు మూడు సంగతులను వ్రాసుకోవాలి. ఏ ప్రతి మారింది, విశేష్యం లెక్కకు వచ్చేదా కాదా, వాక్యం నిర్దిష్టమా అనిర్దిష్టమా అన్నవే అవి. ఈ మూడింటికి వాటా దేనికి చెందినదో కూడా తోడైతే ‘రెండు రెండు చీరలు’ ఆరా, ఎనిమిదా, పదా అన్నది పదకోశం తెరిచినవారికి సైతం తెలుస్తుంది.